2,800 రూపాయల్లో పెళ్లి కానుక: వెండా, కుక్కరా, కవరా?

మా టీమ్‌లో పధ్నాలుగు మందిమి. ఎవరి పెళ్లయినా తలా 200 రూపాయలు, అంతకు మించకూడదని ఎప్పుడో నియమం పెట్టుకున్నాం. అంటే మొత్తం 2,800. ప్యాకింగ్, రవాణా ఖర్చులు కూడా అందులోనే. ఈసారి పెళ్లికొడుకు చేరి రెండు నెలలే అయింది, కూర్చునేది పై అంతస్తులో. ఆయన గురించి నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే, టీలో చక్కెర వేసుకోరు. కొనే బాధ్యత నా మీద పడింది.

అందరూ మొదట అన్నది వెండి. మనవాళ్లకు అది చప్పున తోచే మాట. కుంకుమ భరిణెనో, దీపపు కుందుల జతనో అన్నారు. లెక్క వేసి చూశాను. గ్రాము 200 రూపాయలు, తరుగు మజూరీ కలిపి 15 శాతం అనుకుందాం. దాని మీద 3 శాతం జీఎస్టీ. ఇవన్నీ పోగా 2,800కు చేతికొచ్చేది పన్నెండు గ్రాములకు కాస్త తక్కువ. ఆ బరువులో కుందుల జత అడిగితే రేకంత పల్చగా ఉంటుంది, బొటనవేలితో నొక్కితే సొట్ట పడుతుంది. చిన్న భరిణె ఒకటి రావచ్చు. రేపు మార్చుకోబోతే మజూరీ, పన్ను తిరిగి రావు. మా 2,800లో నాలుగు వందల పైచిలుకు అక్కడే పోతుంది.

అదే డబ్బుకు పెద్ద పళ్లెం చూపించి, మఖమల్ పెట్టెలో పెట్టి ఇస్తామన్నారంటే అది జర్మన్ సిల్వర్ కావచ్చు. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. అందంగానే ఉంటుంది, తప్పేమీ లేదు, కానీ వెండి ఇచ్చామని మనం అనుకోవడమే తప్పు. బిల్లులో స్వచ్ఛత, గ్రాముల బరువు రాసి ఉన్నాయో లేదో చూస్తే విషయం తేలిపోతుంది. ఇంకో చిక్కు ఉంది. పరిచయం లేని మనిషికి కుంకుమ భరిణె ఇవ్వడమంటే వాళ్లింటి ఆచారాన్ని మనమే ఊహించేసుకోవడం.

కుక్కర్ వాడుకలో ఉండే వస్తువు, ఈ సొమ్ములో మంచిదే వస్తుంది. అయితే ఆ ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉంటే అడుగు అయస్కాంతానికి అతుక్కునే రకం కావాలి, మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు. అదీగాక కుక్కర్ ఆలోచన మనకొక్కరికే రాదు. మా ఇంట్లో పెళ్లినాటి కుక్కర్ ఒకటి అట్టపెట్టెలోంచి బయటికి రాకుండానే పదకొండేళ్లు అటక మీద ఉంది. ఇవ్వాలనుకుంటే మార్పిడికి వీలున్న దుకాణంలో కొని, బిల్లు పెట్టెలోనే ఉంచాలి. ధర కనిపిస్తుందని మొహమాటపడి బిల్లు తీసేస్తే ఆ వీలు కూడా పోతుంది.

బ్యాంకు గిఫ్ట్ కార్డు మాటా వచ్చింది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అలాంటి కార్డులోంచి నగదు తీసుకోవడం కుదరదు, మళ్లీ డబ్బు వేయడమూ కుదరదు. కొన్నది కొనగా 140 రూపాయలు మిగిలితే దానికి సరిపోయే వస్తువు వెతుక్కోవాలి. దూరాన ఉన్నవాళ్లకు పంపడానికి అది బాగుంటుంది. మేము మండపానికే వెళ్తున్నప్పుడు అవసరమనిపించలేదు.

అందుకే నా ఓటు కవరుకు. నగదు ఇస్తే మొక్కుబడిగా ఉంటుందని టీమ్‌లో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. దగ్గరి స్నేహితుడైతే నేనూ అదే అనేవాణ్ని. ముఖపరిచయం కూడా లేనిచోట చదివింపులు మనకు కొత్త కాదు, ఎవరూ చిన్నచూపు చూడరు. చివర 16 రావాలన్నది మన అలవాటు కదా. 2,116 వేస్తే చాలా మిగిలిపోతుంది, 3,116 పరిమితి దాటుతుంది. 2,516 దగ్గర ఆగాం. మిగిలిన 284లో మంచి శుభాకాంక్షల కార్డు, ఒక పూలగుత్తి వచ్చాయి. ఎవరో ఇంకో యాభై వేసుకుందామన్నారు. ఒప్పుకోలేదు. గత నెలలో పెళ్లయిన అమ్మాయికి 2,800లోనే ఇచ్చాం, ఆమె ఇప్పుడు చందా వేసేవారిలో ఉంది.

ఒక్క పరిస్థితిలో మాత్రం కవరు పనికిరాదు. శుభలేఖ అడుగున కానుకలు వద్దని అచ్చువేస్తే నగదు కూడా అందులోకే వస్తుంది. అప్పుడు కార్డు, పూలు చాలు, మిగిలిన డబ్బు ఎవరిది వాళ్లకు ఇచ్చేయాలి. ఈ శుభలేఖలో ఆ మాట లేదు, రెండుసార్లు చూశాను.

కవరు మీద టీమ్ పేరు మాత్రమే రాస్తే చదివింపుల పుస్తకంలో అదే ఎక్కుతుంది, ఇచ్చిందెవరో వాళ్ల పెద్దలకు అర్థం కాదు. అందుకని కవరు మీద పెళ్లికొడుకు ఆఫీసు వాళ్లమని రాసి, లోపల కార్డులో పధ్నాలుగు పేర్లూ ఎవరివి వాళ్ల చేతే రాయించాను. సెలవులో ఉన్న ఒకాయన పేరు నేనే రాశాను, ఆయన 200 ఇంకా రాలేదు.