సింగపూర్‌లో చైనా కొత్త సంవత్సరం: ఎర్ర కవరు మీద ఏ పిల్లవాడికి ఏ దీవెన?

పండుగ రోజుల్లో చైనాటౌన్‌లోనే బస చేయాలని చాలామంది అనుకుంటారు. నా మాట వింటే వద్దు. గదుల అద్దె పెరుగుతుంది, వీధి సందడికి రాత్రి నిద్ర ఉండదు. మేము దిగిన లిటిల్ ఇండియా నుంచి మెట్రోలో మూడో స్టేషనే చైనాటౌన్. ఇడ్లీ కూడా దొరుకుతుంది!

మా పని ఎర్ర కవర్లు, అంటే పండుగకు పిల్లలకు డబ్బు పెట్టి ఇచ్చేవి. మమ్మల్ని భోజనానికి పిలిచిన చైనీయ కుటుంబంలో ముగ్గురు పిల్లలు: ఏడాది నిండని పాప, ఏడేళ్ల బాబు, ఆ ఏడాదే ప్రాథమిక విద్య చివరి పరీక్ష రాయబోయే అమ్మాయి. దుకాణాల్లో అచ్చు కవర్లు చవకే కానీ, వాటిలో ఎక్కువ వాటి మీద ఉండేది 'గోంగ్ షీ ఫా చాయ్', అంటే సంపద కలగాలని. వ్యాపారికి అది చక్కగా సరిపోతుంది, పాలు తాగే పాపకు ఏం సంపద? అందుకే కుంచెతో రాసిచ్చే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం.

ఆయన ముందు పిల్లల వయసులు అడిగారు. పాపకు 'చాంగ్ మింగ్ బాయ్ స్వే' రాశారు, అంటే నిండు నూరేళ్లు. బాబుకు 'క్వాయ్ గావ్ జాంగ్ దా', త్వరగా ఎత్తు పెరిగి పెద్దవాడివి కావాలని. అమ్మాయికి 'జిన్ బాంగ్ తీ మింగ్' బాగుంటుందా అని అడిగాను. అది పాతకాలపు రాజ పరీక్షల్లో నెగ్గినవారి పేర్లు బంగారు పలక మీద ఎక్కడం గురించిన మాట. పరీక్ష రాసే పిల్లలకు అది చెల్లుతుంది కానీ, పన్నెండేళ్ల పిల్ల మీద బరువు పెట్టినట్టు ఉంటుందని, చదువులో ముందుకు సాగమనే 'షుయె యే జిన్ బూ' చాలన్నారు. నాకూ అదే నచ్చింది.

కవరు ఎంపికలో ఒక కిటుకు ఉంది. మెరిసే కాగితం మీద సిరా నిలవదు, చుక్కలై జారుతుంది. ఆయన కవరును బొటనవేలితో రుద్ది చూసి, గరుకుగా ఉన్నవే తీసుకున్నారు. రాసింది నల్ల సిరాతో. మనిషి పేరు ఎర్ర సిరాతో రాయడం అక్కడ అశుభం. ఆరడానికి కాసేపు పట్టింది, తొందరపడి కవర్లను ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు.

లోపల పెట్టే డబ్బు విషయంలో మన అలవాటు తలకిందులవుతుంది. మనం వందకు రూపాయి కలిపి నూటొకటి ఇస్తాం, అక్కడ శుభానికి సరి సంఖ్యలే. అందులోనూ నాలుగు పనికిరాదు, ఆ శబ్దం చావుకు దగ్గరగా ఉంటుంది. మేము తలా పది డాలర్ల కొత్త నోటు పెట్టాం. కవరు రెండు చేతులతో ఇవ్వాలి. పిల్లలు అప్పటికప్పుడు విప్పి చూడకపోతే చిన్నబుచ్చుకోకండి, మర్యాద అదే. పండుగ రోజున చాలా దుకాణాలు మూసేస్తారు కాబట్టి, ఈ పనులన్నీ ముందే ముగించుకోండి.