టికెట్లను విలీనం చేయాలా, ముడివేయాలా?

ఒక కస్టమర్ ఉదయం మెయిలు రాశారు: డబ్బు కట్ అయింది, ఆర్డరు రాలేదు. సాయంత్రం అదే విషయం మళ్లీ రాస్తూ లావాదేవీ నంబరు ఇచ్చారు. ఒక్కో మెయిలూ సహాయ విభాగంలో ఒక్కో టికెట్‌గా నమోదైంది. కానీ మనిషీ ఒకరే, సమస్యా ఒకటే. ఇక్కడ విలీనమే సరైనది.

కస్టమర్ సహాయ సాఫ్ట్‌వేర్ జెన్‌డెస్క్‌లో విలీనం చేస్తే రెండో టికెట్ `closed_by_merge` ట్యాగుతో మూసుకుపోతుంది. దాన్ని తిరిగి తెరవలేం. పైగా మిగిలే టికెట్‌లోకి మామూలుగా వచ్చేది చివరి వ్యాఖ్య మాత్రమే. లావాదేవీ నంబరు అంతకుముందు వ్యాఖ్యలో ఉంటే, రేపు చూసే ఉద్యోగి దాన్ని మళ్లీ అడుగుతారు. కస్టమర్ సహనం చచ్చేది అక్కడే. అందుకే విలీనపు వ్యాఖ్యలో ఆ నంబరును చేత్తో చేర్చండి. పాత టికెట్‌నే మిగల్చండి, అప్పుడే ఆయన ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నారో కనిపిస్తుంది.

అదే చెల్లింపు లోపంపై నలభై మంది రాస్తే విలీనం పెద్ద తప్పు. ఒకరి వివరాలు మరొకరి కంటపడవచ్చు. అప్పుడు మూల సమస్యకు ఒక `Problem` టికెట్ తెరిచి, నలభైనీ `Incident`లుగా దానికి ముడివేయాలి. ఎవరి సంభాషణ వారిదగ్గరే ఉంటుంది. ఆ `Problem` టికెట్ పరిష్కరిస్తే అన్నీ పరిష్కృతమవుతాయి. ఇంకా డబ్బు వాపసు అందనివారి టికెట్లను మాత్రం ముందే విడదీయాలి.