‘లోపలి న్యూస్’ అమ్మే ఛానెల్‌కి డబ్బులు కట్టి మునిగాను, మీరు కట్టకండి

రాత్రంతా నిద్ర లేదు, కోపంలోనే రాస్తున్నా. ఆ ఛానెల్ పేరు రాయను. స్మాల్‌క్యాప్‌లు కొనేవాళ్లలో చాలామందికి ఈపాటికి అర్థమై ఉంటుంది. నెలకి 5,000 కట్టి చేరాను. మూడో రోజు మెసేజ్ వచ్చింది: ‘బోర్డులో మనవాడున్నాడు. పెద్ద కంపెనీ వీళ్లని కొనేస్తోంది. ప్రకటన శుక్రవారం. ఈలోపే ఎక్కండి.’ 84 రూపాయల దగ్గర 2,000 షేర్లు కొన్నాను. శుక్రవారం ప్రకటన రాలేదు, లోయర్ సర్క్యూట్ వచ్చింది, అంటే ధర ఆ రోజు పడగలిగినంతా పడి ఆగింది. అలా వరసగా ఆరు రోజులు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. చివరికి 61.75కి వదిలించుకున్నాను. షేర్ల మీద 44,500, ఫీజు 5,000. మొత్తం 49,500 గోవిందా.

డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ అడ్మిన్ మాట ఒక ఎత్తు. ‘అన్నా, ప్రకటన ఏమైంది? ఫీజైనా వెనక్కివ్వండి, లేకపోతే సెబీకి కంప్లైంట్ పెడతా’ అని మెసేజ్ పెట్టాను. షేర్ మార్కెట్‌కి పోలీసు సెబీయే కదా. వాడి జవాబు: ‘పెట్టుకో. ఇన్‌సైడర్ న్యూస్ కొన్నానని నువ్వే రాసిస్తావా? ముందు నిన్నే పట్టుకుంటారు.’ పక్కన ఒక నవ్వు బొమ్మ. వెంటనే బ్లాక్. చూశారా తెలివి! దొంగసొత్తు కొన్నవాడు పోలీసుల దగ్గరికి వెళ్లడని వాడికి ముందే తెలుసు.

మా బావ ఒక లిస్టెడ్ కంపెనీలో కంపెనీ సెక్రటరీ. ఫోన్ చేసి చెబితే అరగంట తిట్టాడు. “వాడు చెప్పింది అబద్ధమైతే నువ్వు మోసపోయావు, నిజమైతే నేరం చేశావు. వీటిలో ఏది కావాలనుకుని 5,000 కట్టావురా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇన్‌సైడర్ అంటే డైరెక్టర్లు, వాళ్ల బంధువులే అనుకునేవాణ్ని. సెబీ 2015 నిబంధనల్లో అలా లేదట. బయటకు రాని, వస్తే షేరు ధరను బాగా కదిలించే సమాచారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఇన్‌సైడర్. క్వార్టర్ లాభాలు, డివిడెండ్, విలీనం, ఇంకో కంపెనీని కొనడం, సీఈఓ మారడం లాంటివి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ప్రకటించకముందు ఈ లెక్కలోకి వస్తాయి. అది చేతిలో ఉండగా కొనడం తప్పు, అమ్మడం తప్పు, ఇంకొకరికి ఫార్వర్డ్ చేయడమూ తప్పే. చట్టంలో రాసిన కనీస జరిమానా 10 లక్షలు. లాభం రాలేదంటే కుదరదు. పది షేర్లే కొన్నానన్నా అంతే.

అలాగని వాట్సాప్‌లో వచ్చే ప్రతి పుకారూ నేరం కాదు. 2017లో కొన్ని కంపెనీల ఫలితాలు ప్రకటనకు ముందే వాట్సాప్‌లో తిరిగాయి, గుర్తుందా? ఫార్వర్డ్ చేసినవాళ్లకు సెబీ జరిమానా వేస్తే అప్పీలులో నిలబడలేదు, 2022లో సుప్రీంకోర్టు కూడా వాళ్ల వైపే ఉంది. అలాంటి మెసేజ్‌లు రోజూ బోలెడు వస్తుంటాయి, ఇది లోపలి సమాచారమని వాళ్లకు తెలుసని సెబీ చూపించలేకపోయింది. నా కేసు అలా కాదుగా! ‘బోర్డులో మనవాడున్నాడు’ అని వాడు రాశాడు, నేను దానికే డబ్బు కట్టాను. పుకారనుకున్నా అని ఏ మొహంతో చెప్పను?

బావ ఇంకో మాటన్నాడు, అది ఇంకా గుచ్చుకుంటోంది. “ఆ న్యూస్ నిజమే అనుకో. నీకు 84కి అమ్మినవాడెవడు? కూతురి ఫీజు కోసం అమ్ముకున్న ఎవరో తండ్రి అయ్యుండొచ్చు. తెలిస్తే అమ్మేవాడా?” ఈ చట్టం ఉన్నది ఆయన కోసమట. అసలు ఆయన్ని ముంచుదామనే కదా నేను వెళ్లింది. ఇప్పుడు ఆయన స్థానంలో నేనున్నాను.

సిగ్గుతో రాత్రి చార్ట్ తీసి చూశాను. అంతా అక్కడే ఉంది, కొనేముందు చూడ్డానికి రెండు నిమిషాలు పట్టేది కాదు. రోజుకి 20 వేల షేర్లు కూడా చేతులు మారని ఆ కంపెనీలో, మెసేజ్‌కి మూడు వారాల ముందు నుంచే రోజుకి 3 లక్షలు మారాయి. ధర 52 నుంచి 84కి ఎక్కింది. అంటే వాళ్లు అప్పటికే కొని కూర్చున్నారు. అమ్మడానికి నాలాంటి బకరాలు కావాలి, అందుకే మెసేజ్.

సలహా అంటే ఏముంది. ఎవడైనా ప్రకటనకు ముందే చెబుతానంటే కొనొద్దు, అమ్మొద్దు, ఎవరికీ పంపొద్దు. బంధువు ఆఫీసు కబురు చెప్పినా ఇదే రూలు. టిప్స్ అమ్మేవాడికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ సైట్‌లో వెతకండి, రీసెర్చ్ అనలిస్ట్ నంబరు INHతో మొదలవుతుంది. మన అడ్మిన్ ఇచ్చింది యూపీఐ ఐడీ మాత్రమే! కంపెనీ గురించి ఏం విన్నా ఎక్స్ఛేంజ్ సైట్‌లో కార్పొరేట్ అనౌన్స్‌మెంట్స్ పేజీ తెరిచి చూడండి.

నేను ఇప్పుడే మళ్లీ తెరిచాను. ఆ కంపెనీ చివరి ప్రకటన ఎవరిదో షేర్ సర్టిఫికెట్ పోయిందని.