చిన్న తెలుగు అక్షరాలున్న పోస్టర్‌ని పీఎన్‌జీగా తీయాలా, జేపెగ్‌గా తీయాలా: ఏది మేలు?

మా ఊరి గుడి రథోత్సవం కరపత్రం గ్రూపులో పెట్టిన అరగంటకి బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, కింద కార్యక్రమాల్లో రధోత్సవం అని పడిందేంట్రా, థకి చుక్క పెట్టలేదా?" అన్నాడు. పెట్టాను. కంప్యూటర్‌లో అసలు ఫైల్ తెరిచి చూస్తే చుక్క నిక్షేపంగా ఉంది. ఎక్స్‌పోర్ట్ చేసిన జేపెగ్‌ని నాలుగింతలు పెద్దది చేసి చూస్తే మాత్రం థ పొట్టలో చుక్క లేదు, దాని చోట మట్టిరంగు మచ్చ ఒకటి ఉంది. థకీ ధకీ మధ్య తేడా ఆ చుక్క ఒక్కటే కాబట్టి చదివేవాళ్ళకి అది ధ.

తెలుగులో ఇదే పెద్ద ఇబ్బంది. ప కింద చిన్న గీత ఉంటే ఫ, లేకపోతే ప. అక్షరం కంటే బాగా చిన్నగా ఉండే వత్తుల మీదే అర్థం నడుస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు కాస్త మసకబారినా ఊహించి చదివేస్తాం, ఇక్కడ మసకబారితే ఏకంగా వేరే అక్షరం అయిపోతుంది. అందుకే మామూలు సలహా "జేపెగ్ క్వాలిటీ పెంచితే చాలు" అనేది మనకి సగమే పనికొస్తుంది.

నా జవాబు ముందే చెప్తాను: అక్షరాలు ఎక్కువ ఉండి, వెనక సాదా రంగులు ఉంటే పీఎన్‌జీ, ఇంకో ఆలోచన అక్కర్లేదు. వెనక నిండా ఫొటో ఉండి, ఫైల్ సైజుకి హద్దు పెట్టినప్పుడు మాత్రమే జేపెగ్, అదీ ఒక సెట్టింగ్ మార్చాకే. ఎందుకో ఆ కరపత్రంతోనే చూపిస్తాను.

దాని కొలత 1080 × 1350 పిక్సెళ్ళు. పైన దేవుడి బొమ్మ, మధ్యలో లేత పసుపు మీద విషయం, అడుగున మామిడాకు పచ్చ పట్టీలో కుంకుమ ఎరుపుతో కార్యక్రమాలు, వేళలు, ఫోన్ నంబర్లు. అడుగున అక్షరాల ఎత్తు 22 పిక్సెళ్ళు. ఆ సైజులో గీత మందం రెండు పిక్సెళ్ళు, థలో చుక్క మహా అయితే మూడు పిక్సెళ్ళు.

జేపెగ్ బొమ్మని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగులుగా దాచుకోదు. ముందు వెలుగుని ఒక పక్కకీ, రంగు సమాచారాన్ని ఇంకో పక్కకీ విడదీస్తుంది. మన కంటికి వెలుగులో తేడాలు బాగా తెలుస్తాయి, రంగులో సన్నటి తేడాలు అంతగా తెలియవు, కాబట్టి రంగు సమాచారాన్ని నిలువుగా సగం, అడ్డంగా సగం చేసి నాలుగు పిక్సెళ్ళకి కలిపి ఒకే రంగు విలువ ఉంచుకుంటుంది. దీన్నే 4:2:0 అంటారు. ఫొటోల్లో ఇది ఎవరూ కనిపెట్టలేరు. మరి మన పట్టీలో ఏం జరిగిందో లెక్క వేయండి, వెలుగు లెక్కగట్టే సూత్రం ఇది:

```
Y = 0.299 R + 0.587 G + 0.114 B

R=255 G=0   B=0   ->  Y = 76
R=0   G=128 B=0   ->  Y = 75
```

మొదటిది కుంకుమ ఎరుపు, రెండోది ఆకుపచ్చ. 76, 75. అంటే వెలుగు పొరలో అక్షరాలే లేవు, ఆ పట్టీ మొత్తం ఒకే బూడిదరంగు పలక. అక్షరం ఉన్నదల్లా రంగు పొరలోనే, ఆ పొరనే జేపెగ్ సగానికి కోసింది. రెండు పిక్సెళ్ళ గీత సరిగ్గా ఆ రెండేసి గళ్ళలో కూర్చుంటే సరే, ఒక పిక్సెల్ పక్కకి జరిగితే సగం ఎరుపు, సగం ఆకుపచ్చ కలిసి మట్టిరంగు అవుతుంది. మూడు పిక్సెళ్ళ చుక్క గతి చెప్పక్కర్లేదు. అందుకే ఒకే వరుసలో ఒక థ బాగుండి, పక్కనే ఇంకో థ పాడవుతుంది, అది గళ్ళ మీద ఎక్కడ పడిందో దాన్ని బట్టి.

అదే లేత పసుపు మీద నల్ల అక్షరాలు అంత దెబ్బ తినలేదు, ఎందుకంటే అక్కడ వెలుగు తేడా బాగా ఉంది. ఆ మాటకొస్తే వెలుగులో తేడా లేని రెండు రంగుల్ని చిన్న అక్షరాలకి వాడటమే తప్పు, రంగులు సరిగ్గా తెలియని కళ్ళకి అది చదవడం చాలా కష్టం. తర్వాత ఆ పట్టీని ముదురు చేసి అక్షరాలు తెల్లగా మార్చాను.

జేపెగ్ చేసే రెండో నష్టం అందరికీ తెలిసినదే, అక్షరాల చుట్టూ రేగే దుమ్ము. బొమ్మని 8 × 8 పిక్సెళ్ళ గళ్ళుగా కోసి, ఒక్కో గడిని మెల్లగా మారే అలలు, వేగంగా మారే అలలు కలిసినట్టుగా రాసుకుంటుంది, సైజు తగ్గించడానికి వేగంగా మారే వాటి అంకెల్ని ముందు మొరటుగా దగ్గరి అంకెకి సర్దేస్తుంది, కొన్నింటిని తీసే పారేస్తుంది. అక్షరం అంచు అంటేనే ఒక్కసారిగా మారడం కాబట్టి, ఆ అలలు తగ్గగానే అంచు వణికి, దాని అలికిడి ఆ గడి అంతా పాకుతుంది. గుర్తుపట్టడం తేలిక: 400 శాతానికి పెద్దది చేసి చూడండి, దుమ్ము అక్షరం చుట్టూ ఉండి, ఒక చోట గీత గీసినట్టు టక్కున ఆగిపోతే అది గడి అంచు, ఆ పక్క గడిలో అక్షరం లేదు కాబట్టి శుభ్రంగా ఉంటుంది. దీనికి మాత్రం క్వాలిటీ పెంచడం పనిచేస్తుంది. క్వాలిటీ 100 పెట్టినా అంకెల్ని సర్దడం ఉంటుంది కాబట్టి అది నష్టమే లేని లాస్‌లెస్ కాదు, కానీ కంటికి తెలియనంత తక్కువ.

ఇక పీఎన్‌జీలో వీటిలో ఏదీ లేదు. ఏ పిక్సెల్ ఇచ్చారో అదే తిరిగి వస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 0 నుంచి 9 దాకా కనిపించే Compression level చూసి చాలామంది టెన్షన్ పడి తగ్గిస్తారు, దానికీ క్వాలిటీకీ సంబంధం లేదు, 9 పెడితే కుదించడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, ఫైల్ చిన్నదవుతుంది, అంతే. జాగ్రత్త పడాల్సింది ఒక్కటి, సైజు తగ్గిద్దామని 256 రంగుల పీఎన్‌జీకి మారిస్తే అది నష్టమే. రంగులు తక్కువున్న సాదా పోస్టర్‌కి చాలాసార్లు సరిపోతుంది, కానీ ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారే చోట చారలో చుక్కలో వస్తాయి, బొమ్మలో రంగులు ఎక్కువైతే అక్షరాల అంచుల్లోని మధ్యరంగులకి ఆ 256లో చోటు మిగలదు.

"పీఎన్‌జీ అంటే ఫైల్ పెద్దదైపోదా?" అంటారు. బొమ్మని బట్టి ఉంటుంది. మన కరపత్రం కుదించకుండా లెక్కేస్తే 1080 × 1350 × 3, అంటే సుమారు 44 లక్షల బైట్లు. ఒకే రంగు పక్కపక్కన పరుచుకుని ఉన్న చోట పీఎన్‌జీ అద్భుతంగా కుదిస్తుంది, అలాంటి పోస్టర్‌లో అధిక క్వాలిటీ జేపెగ్ కంటే పీఎన్‌జీయే చిన్నదిగా రావడం మామూలే. అదే వెనక గోపురం ఫొటో నిండా పరిచారనుకోండి, ఏ రెండు పిక్సెళ్ళూ ఒకేలా ఉండవు కాబట్టి పీఎన్‌జీ కుదించడానికి ఏమీ దొరకదు, ఫైల్ ఎంబీల్లోకి వెళ్తుంది. అలాంటి బొమ్మని ఏదో దరఖాస్తు పేజీలో 500 కేబీ దాటకుండా ఎక్కించమంటే జేపెగ్ తప్పదు.

అప్పుడు చేయాల్సింది రంగు పొరని కోయొద్దని చెప్పడం. గింప్‌లో ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లో Subsampling దగ్గర 4:4:4 ఎంచుకోండి. ఫొటోషాప్‌లో ఆ మాటే కనిపించదు, Save As లో క్వాలిటీ 7, అంతకు పైన పెడితే దానంతటదే రంగుని కోయకుండా వదిలేస్తుంది, 6 పెడితే కోస్తుంది. ఒక్క అంకె తేడాకి ఎర్ర అక్షరాలు ఎందుకు పాడయ్యాయో తెలియక తల పట్టుకునేది ఇక్కడే. ఇమేజ్‌మ్యాజిక్ కమాండ్‌తో చేసేవాళ్ళకైతే:

```
magick patrika.png -sampling-factor 4:4:4 -quality 92 patrika.jpg
```

సైజు ఇంకా హద్దు దాటితే 4:4:4ని వదలకుండా క్వాలిటీని 85కి తగ్గించి చూడండి. రంగు అక్షరాలున్న చోట, కోసేసిన రంగుతో ఉన్న 95 కంటే ఇదే నాకు మేలుగా కనిపించింది. క్వాలిటీ అంకెలు మాత్రం ఒక సాఫ్ట్‌వేర్‌వి ఇంకోదానితో పోల్చకండి, అవి ఎవరి కొలత వాళ్ళది.

వెబ్‌పీ సంగతి కూడా అడుగుతారు. అందులో నష్టం లేనిదీ, నష్టం ఉన్నదీ రెండు రకాలూ ఉన్నాయి. లాస్‌లెస్ వెబ్‌పీ సాధారణంగా పీఎన్‌జీ కంటే చిన్నది, నష్టం లేదు, మీ సైట్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది. లాసీ వెబ్‌పీ మాత్రం ఎప్పుడూ 4:2:0 లోనే ఉంటుంది, క్వాలిటీ 100 పెట్టినా రంగు పొర సగమే. కాబట్టి రంగు మీద రంగు చిన్న అక్షరాలకి జేపెగ్ 4:4:4 దానికన్నా నయం. గింప్‌లో వెబ్‌పీగా తీస్తుంటే Lossless టిక్ పెట్టారో లేదో చూసుకోండి. ప్రెస్‌కి ఇవ్వడానికైతే వెబ్‌పీ వద్దు, పీఎన్‌జీ కంటే కూడా అక్షరాలు అక్షరాలుగానే ఉండే పీడీఎఫ్ తీసి ఇవ్వడం మంచిది.

ఏది పంపినా పంపేముందు ఒక పరీక్ష చేయండి. గింప్‌లో అసలు పీఎన్‌జీ తెరిచి, File లో Open as Layers తో జేపెగ్‌ని దాని మీద వేసి, పై లేయర్ మోడ్ Difference పెట్టండి. తేడా లేనిచోట నలుపు. Layer లో New from Visible తో కనిపించేదాన్ని కొత్త లేయర్‌గా తీసి, దాని మీద Levels తో కాస్త వెలుగు పెంచితే పాడైన అక్షరాలు చీకట్లో దీపాల్లా బయటపడతాయి. నా కరపత్రంలో మధ్యభాగం అక్షరాల అంచులు సన్నగా మెరిశాయి, అడుగు పట్టీ మాత్రం వరుస మొత్తం వెలిగింది.

ఇంకో సంగతి, జేపెగ్‌ని తర్వాత పీఎన్‌జీగా మారిస్తే పోయిన చుక్క తిరిగి రాదు, పాడైన బొమ్మే పదిలంగా దాగుతుంది. మళ్ళీ లేయర్లున్న అసలు ఫైల్ నుంచే తీయాలి. కొలత కూడా చూపించే సైజులోనే తీయండి, 3000 పిక్సెళ్ళ బొమ్మని ఎవరో 1080కి కుదిస్తే ఆ కుదింపులోనే చుక్క పోతుంది, దాన్ని ఏ ఫార్మాటూ ఆపలేదు.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మీ పీఎన్‌జీని అది మళ్ళీ కుదించే పంపుతుంది, డాక్యుమెంట్‌గా జోడిస్తే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. కానీ డాక్యుమెంట్‌ని అందరూ తెరవరు. అందుకే రెండోసారి పీఎన్‌జీని డాక్యుమెంట్‌గా పెట్టి, దాంతోపాటు కార్యక్రమాల పట్టీని విడిగా కత్తిరించి, అక్షరాలు 40 పిక్సెళ్ళకి పెంచి, తెలుపు మీద నలుపుగా మార్చి మామూలు ఫొటోగా ఇంకోటి పెట్టాను. ఆ సైజులో చుక్క ఐదారు పిక్సెళ్ళు ఉంటుంది, కుదించినా మిగిలింది. బాబాయి తన ఫోన్‌లో వేలితో పెద్దది చేసి చూసుకుని, రథోత్సవం అని పైకి చదివి వినిపించాడు.