జాగ్రత్త: మిల్లు అమ్మి తిరిగి అద్దెకు తీసుకునేముందు లీజు కాగితం చదవండి

తణుకు, భీమవరం, మండపేట, రావులపాలెం వైపు రైస్ మిల్లులు, ఐస్ ప్లాంట్లు, గోడౌన్లు ఉన్నవాళ్ల దగ్గరికి ఈమధ్య మధ్యవర్తులు ఎక్కువగా తిరుగుతున్నారు. "మీ మిల్లు మాకు అమ్మండి, అదే రోజు మీకే లీజుకిస్తాం. మిల్లు మీరే నడుపుకుంటారు, డబ్బు మీ చేతిలో ఉంటుంది" అంటారు. దీన్నే సేల్ అండ్ లీజ్‌బ్యాక్ అంటున్నారు. ఇందులో మోసమేమీ లేదు, చట్టబద్ధమైన పద్ధతే. కానీ మా బావగారి మిల్లు విషయంలో జరిగింది చూశాక, ఇది అందరికీ తెలియాలనిపించి రాస్తున్నాను. సంతకాలయ్యాక లెక్కలు చూడమని ఆ కాగితాలు నాకిచ్చారు. కొన్న సంస్థ పేరు రాయను, పేరు కంటే షరతులే ముఖ్యం.

ముందు అసలు ఎందుకు అమ్ముతారో చెప్పాలి. మిల్లు నడిపేవాళ్లకు సార్వా కోతల్లో డబ్బు ఒక్కసారిగా కావాలి. ధాన్యం తెచ్చిన రైతుకు, కమీషన్ ఏజెంటుకు వెంటనే ఇవ్వాలి. బియ్యం డబ్బేమో నెమ్మదిగా వస్తుంది. బ్యాంకు సీసీ లిమిట్ అప్పటికే నిండిపోయి ఉంటుంది. ఆస్తి మీద ఇంకా అప్పు అడిగితే విలువలో కొంత శాతమే ఇస్తారు, అమ్మితే మొత్తం విలువ వస్తుంది. కొందరికి అన్నదమ్ముల వాటాలు తేల్చాల్సి వస్తుంది. హైదరాబాదులో స్థిరపడిన తమ్ముడు తన వాటా డబ్బు రూపంలో అడిగితే మిల్లు ఆపకుండా ఇచ్చే దారుల్లో ఇదొకటి. ఇవన్నీ న్యాయమైన కారణాలే. బావగారికి పాత టర్మ్ లోన్ తీరాలి, సార్వాకు పెట్టుబడి కావాలి.

ఇప్పుడు ఆయన లెక్క. మిల్లు, స్థలం కలిపి 4 కోట్లకు అమ్మారు. అందులో బ్యాంకు అప్పు 2 కోట్ల 30 లక్షలు తీరింది. ఆరు నెలల అద్దె 18 లక్షలు డిపాజిట్‌గా పట్టుకున్నారు. లాభం మీద ఆదాయపు పన్ను 22 లక్షలు అయింది. షెడ్ల మీద ఏళ్ల తరబడి తరుగు రాసుకుంటే పుస్తకాల్లో వాటి విలువ బాగా తగ్గిపోతుంది, అమ్మినప్పుడు ఆ తేడా అంతా లాభంగా లెక్కకొస్తుంది. ఇది చాలామందికి ముందు తట్టదు. చివరికి చేతికి మిగిలింది 1 కోటి 30 లక్షలు.

అద్దె నెలకు 3 లక్షలు, ఏడాదికి 36 లక్షలు. 4 కోట్ల మీద 9 శాతమే కదా, బ్యాంకు వడ్డీ కంటే నయం అని మధ్యవర్తి చెప్పిన మాట ఇక్కడే నిలబడదు. వ్యాపార స్థలం అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. వేరే వ్యాపారమైతే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి తీసుకోవచ్చు. కానీ విడి బియ్యం మీద, 25 కిలోలకు మించిన బస్తాల మీద జీఎస్టీ లేదు. అమ్మే సరుకు మీద పన్ను లేనప్పుడు కొన్నదాని మీద కట్టిన పన్నుకు క్రెడిట్ రాదు. బావగారు అమ్మేది దాదాపు అంతా అలాంటి బస్తాలే. అంటే ఏడాదికి ఇంకో 6 లక్షల 48 వేలు అచ్చంగా ఖర్చు. కొన్నవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోయినా తప్పించుకోలేం. 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషన్ ఉన్న అద్దెదారే ఆ పన్ను నేరుగా కట్టాలి.

ఇప్పుడు రెండు పక్కలా పెట్టి చూడండి. ముందు 2 కోట్ల 30 లక్షల అప్పు మీద పదిన్నర శాతం వడ్డీ, అంటే ఏడాదికి సుమారు 24 లక్షలు కట్టేవారు. ఇప్పుడు అద్దె, జీఎస్టీ కలిపి 42 లక్షల 48 వేలు. అదనంగా కడుతున్న 18 లక్షల పైచిలుకు దేనికోసం? చేతికి వచ్చిన ఆ 1 కోటి 30 లక్షల కోసం. అంటే ఆ డబ్బు 14 శాతం వడ్డీకి తెచ్చినట్టే, పైగా స్థలం కూడా పోయింది. సార్వాకు, దాళ్వాకు తిరిగే పెట్టుబడి మీద అంతకు మించి మిగులుతుందని మీ పాత పుస్తకాలు చెబితే ఈ ఒప్పందం తప్పు కాదు. అలా చెప్పకపోతే ఇక్కడే ఆగిపోవాలి.

ఇది మొదటి ఏడాది లెక్క మాత్రమే. లీజులో అద్దె ఏటా 5 శాతం పెరుగుతుందని ఉంది, పెరిగిన అద్దె మీద మళ్లీ పెరుగుతుంది. పదో ఏట నెల అద్దె 4 లక్షల 65 వేలు అవుతుంది. మూడేళ్లకోసారి 12 శాతం అని రాయించుకుని ఉంటే పదో ఏట 4 లక్షల 21 వేలు. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, మిల్లింగ్ మార్జిన్ ఏటా 5 శాతం పెరగడం నేనైతే చూడలేదు. అప్పు అయితే కట్టేకొద్దీ వడ్డీ తగ్గుతుంది, ఇక్కడ కట్టేకొద్దీ పెరుగుతుంది.

అసలు దెబ్బ మాత్రం తిరిగి కొనుక్కునే మాట దగ్గర తగిలింది. "ఐదేళ్ల తర్వాత మీ మిల్లు మీకే ఇచ్చేస్తాం" అన్నారు. నోటిమాట కాదు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఉత్తరం ఇచ్చారు. అందులో వాక్యం ఇది: "అప్పటికి ఇరుపక్షాలు అంగీకరించిన ధరకు తిరిగి అమ్మగలము." ధర లేదు, ధర కట్టే పద్ధతి లేదు, గడువు లేదు. అలా తేలని ఒప్పందాన్ని కోర్టు అమలు చేయించలేదు. ఇది నిజానికి తాకట్టే, అమ్మకం కాదు అని వాదించే దారీ లేదు. ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌కు 1929లో చేసిన సవరణ ప్రకారం, తిరిగి ఇచ్చే షరతు ఆ అమ్మకం దస్తావేజులోనే ఉండాలి. వేరే కాగితం మీద ఉంటే దాన్ని తాకట్టుగా చూడరు. మూడో ఏట ఆ సంస్థ మిల్లును ఇంకొకరికి అమ్మేసింది. కొత్త యజమాని "నాకు రిజిస్టరైన లీజు ఒక్కటే తెలుసు, ఆ ఉత్తరం సంగతి నాకు తెలియదు" అన్నారు. తెలియకుండా డబ్బిచ్చి కొన్నవాళ్ల మీద అలాంటి మాట నిలవదు. అందుకే తిరిగి కొనే హక్కులో ధర లెక్క, గడువు, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో స్పష్టంగా రాయించి, రిజిస్టర్ చేయించి, ఈసీ తీస్తే కనపడేలా ఉంచుకోవాలి. అలా కుదరదన్నారంటే తిరిగి ఇచ్చే ఉద్దేశం లేదనే అనుకోవాలి. తిరిగి కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ మళ్లీ మీదేనని కూడా లెక్కలో వేసుకోండి.

ఇక యంత్రాలు. దస్తావేజు షెడ్యూలులో "భూమికి, కట్టడాలకు అమర్చి ఉన్న సమస్తం" అన్న ఒక్క ముక్క ఉంది. దాంతో బాయిలర్, డ్రయ్యర్లు, ఎలివేటర్లు, సార్టెక్స్ అన్నీ వెళ్లిపోయాయి, ధరలో వాటికి విడిగా రూపాయి కూడా కట్టలేదు. మామూలుగా అద్దెదారు తాను అమర్చుకున్నది ఖాళీ చేసేముందు విప్పుకుపోవచ్చని చట్టం చెబుతుంది. కానీ ఒప్పందంలో వేరేగా ఉంటే ఒప్పందమే చెల్లుతుంది. ఈ లీజులో "తర్వాత చేర్చినవి కూడా యజమానివే, పరిహారం ఉండదు" అని ఉంది. రెండో ఏట కొత్త సార్టెక్స్ కోసం బావగారు బ్యాంకుకు వెళితే, ఆ యంత్రం మీద తనకు హక్కు లేదని స్థలం యజమాని రాసివ్వాలన్నారు. యజమాని ఇవ్వలేదు. లోన్ ఆగిపోయింది. యంత్రాల జాబితా సీరియల్ నంబర్లతో సహా విడిగా రాయించి, అవి అమ్మకంలో చేరవని ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు.

చివరిగా, మన డెల్టాలో ఎవరూ వదలకూడని షరతు ముంపు గురించినది. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను పెద్దవాళ్లకు గుర్తే, 2022 జూలై గోదావరి అందరం చూశాం. గోదావరి దాకా ఎందుకు, గట్టి వాన పడి డ్రెయిన్ ఎగదన్నితే చాలు. బావగారి గోడౌనులో రెండడుగుల నీళ్లు నిలిచి, మోటార్లు తడిసి మిల్లు నెల రోజులకు పైగా ఆగింది. "ఏ కారణం చేతనైనా మిల్లు నడవకపోయినా అద్దె ఆగదు" అన్న వాక్యం చూపించి మొత్తం అద్దె వసూలు చేశారు. ప్రకృతి వైపరీత్యం కదా అని అడిగితే ఫలితం లేదు. కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ లీజులకు వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది గానీ, అది ఆస్తి నాశనమైనప్పుడు లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోయినప్పుడే. అప్పుడు కూడా అద్దెదారుకు దొరికేది లీజు రద్దు చేసుకునే అవకాశం. మిల్లు నడుపుకోవాలనుకునేవాడికి దానివల్ల ఏం లాభం?

ఇన్సూరెన్స్ ఇంకా బాధాకరం. ప్రీమియం బావగారే కట్టారు, పాలసీ యజమాని పేరు మీద ఉంది. కట్టడం నష్టానికి క్లెయిమ్ డబ్బు యజమానికి వెళ్లింది. ఆ డబ్బుతో రిపేరు చేయించాలని లీజులో ఎక్కడా లేదు. రిపేర్లన్నీ అద్దెదారువేనని మాత్రం ఉంది. గోడ, రేకులు ఆయన సొంత డబ్బుతో బాగు చేయించుకున్నారు. మీ లీజులో క్లెయిమ్ డబ్బు ముందు రిపేరుకే ఖర్చు పెట్టాలని, పాలసీలో మీ పేరు కూడా చేర్చాలని రాయించండి.

ఇంకో మాట. స్టాంపు ఖర్చు తగ్గుతుందని 11 నెలల అగ్రిమెంట్లు రాసుకుందామనే మధ్యవర్తులూ ఉన్నారు. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కాకపోతే ఆ గడువు చెల్లదు. సొంత మిల్లు అమ్మి 11 నెలల కాగితం మీద కూర్చోవడం అంటే పన్నెండో నెలలో ఖాళీ చేయమన్నా అడగడానికి ఏమీ ఉండదు. అమ్మకం, లీజు రెండూ ఒకే రోజు ఒకే రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి. లీజు డ్రాఫ్టు చేతికి రాకుండా అమ్మకం అడ్వాన్సు తీసుకోకూడదు. అడ్వాన్సు పడ్డాక బేరమాడే బలం పోతుంది.

బేరమాడితే మారతాయా అంటే, కొన్ని మారతాయి. రావులపాలెం దగ్గర మాకు తెలిసిన ఇంకో మిల్లు ఆయన ఇలాంటి లీజు డ్రాఫ్టే తీసుకుని కాకినాడలో లాయరుకు చూపించారు. ముంపు వల్ల మిల్లు 15 రోజులకు మించి ఆగితే ఆ తర్వాతి రోజులకు సగం అద్దె, యంత్రాలు అమ్మకంలోంచి బయటికి, తిరిగి కొనే ధర మొదటి అమ్మకం ధర మీద ఏటా 6 శాతం చొప్పున అని రిజిస్టర్ చేయించుకున్నారు. దానికి బదులు అమ్మకం ధరలో 15 లక్షలు తగ్గించుకున్నారు. ఏటా పెరిగే అద్దె విషయంలో మాత్రం వాళ్లు ఒప్పుకోలేదు, ఆయన కూడా 5 శాతమే కడుతున్నారు.