ప్రకటన బొమ్మలకు మార్కులు: రెండేళ్ళు వాడాక నా అభిప్రాయం

మా పిన్ని గుంటూరులో పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. ఆర్డర్లు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు నుంచి వస్తాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రకటనలు వేయడం, లెక్కలు చూడడం నా పని. ఏ బొమ్మ పెడితే ఆర్డర్లు వస్తాయో తెలియక మొదట్లో నచ్చిందల్లా పెట్టేవాణ్ణి. తర్వాత ప్రతి బొమ్మకూ మూడు విషయాల్లో అయిదేసి మార్కులు వేసి, బాగున్నవాటినే స్ప్లిట్ టెస్టుకు, అంటే రెండు బొమ్మల్ని పోటీ పెట్టి దేనికి ఎక్కువ ఆర్డర్లు వస్తాయో చూడడానికి, పంపడం మొదలుపెట్టాను. ఆ మూడూ ఏమిటంటే: చూపు ఆగుతుందా, ఆఫర్ అర్థమవుతుందా, చూడగానే మన సరుకే అని తెలుస్తుందా. ఈ పద్ధతి పట్టుకుని రెండేళ్ళు దాటింది. ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ మోసం చేసింది రాస్తున్నాను.

ముందు పెద్ద తప్పు చెప్పేస్తాను. మొదటి ఆరు నెలలూ మూడు మార్కులూ కూడి పదిహేనుకు ఎన్ని వచ్చాయో చూసేవాణ్ణి. అది కుదరదని ఒక్క టెస్టుతో తెలిసింది.

మూడు పచ్చళ్ళు, ఒక్కోటి అర కిలో, మొత్తం 999 రూపాయలు, డెలివరీ ఫ్రీ. ఇదీ ఆఫర్. దీనికి రెండు బొమ్మలు చేశాను. మొదటిది ముదురు ఊదా రంగు నేపథ్యం మీద ఆవకాయ ముక్క. నూనె కారుతూ, దగ్గరగా, ఫోనంతా నిండేలా ఉంటుంది. మీద ‘ఈ రుచి గుర్తుందా?’ అని ఒక్క మాట. రెండోది మేం ఎప్పుడూ వాడే పసుపు రంగు మీద మూడు జాడీలు వరసగా, పక్కన పెద్ద అంకెల్లో 999. ఊదా బొమ్మకు చూపులో 5, ఆఫర్‌లో 1, గుర్తింపులో 2 వేశాను. పసుపు బొమ్మకు 2, 5, 5. కూడితే 8, 12. లెక్క ప్రకారం పసుపుదే పైచేయి, కానీ నాకు ఊదాదే నచ్చింది. రోజుకు 500 చొప్పున ఒక్కోదానికి 7 రోజులు, అంటే 3,500 రూపాయలు పెట్టి రెండూ వదిలాను.

మూడో రోజుకే ఊదా బొమ్మ దూసుకుపోయింది. వారం అయ్యేసరికి 41,000 సార్లు చూపించారు, 738 క్లిక్కులు. పసుపుదానికి 39,000 సార్లు, 429 క్లిక్కులు. నేను సంబరపడుతూ పిన్నికి ఫోన్ చేశాను. తను క్లిక్కుల గురించి అడగనేలేదు. ‘ఆర్డర్లెన్ని వచ్చాయిరా?’ అంది. ఊదాకు 9, పసుపుకు 21. అంటే ఊదా బొమ్మలో ఒక్క ఆర్డరుకు 389 రూపాయలు ఖర్చయింది, పసుపుదాంట్లో 167. ఊదా బొమ్మ కింద కామెంట్లు చూస్తే వరసగా ఒకటే ప్రశ్న: రేటెంత? పిన్నికి ఆ స్క్రీన్‌షాట్ పంపితే, ‘ధర రాయకుండా ఏ కొట్టువాడైనా బోర్డు పెడతాడా?’ అని మెసేజ్ పెట్టింది. చూపు ఆగిన మాట నిజమే. ఆగినవాళ్ళు ఏం కొనాలో తెలియక లోపలికి వచ్చి, చూసి, వెళ్ళిపోయారు.

ఇందులో కూడిక ‘సరైన’ జవాబే ఇచ్చింది కదా అనిపిస్తుంది. కానీ అది యాదృచ్ఛికం. అదే ఊదా బొమ్మకు గుర్తింపులో 5 ఇచ్చి ఉంటే మొత్తం 11 అయ్యేది, పసుపుదానికి దాదాపు సమానం. ఆఫర్‌లో 1 వచ్చిన బొమ్మను మిగతా రెండూ ఎంత ఎత్తి పట్టుకున్నా లాభం లేదు. అందుకే ఇప్పుడు కూడను. ఆఫర్‌లో 3 కంటే తక్కువ వస్తే, మిగతావి ఎంత బాగున్నా టెస్టుకు పంపను.

ఇంకో మాట. 21కి 9 అంటే నిజమైన తేడానా, అదృష్టమా అని ఎలా తెలుస్తుంది? రెండు బొమ్మలకూ ఒకే డబ్బు, ఒకే రోజులు ఇచ్చి, దాదాపు అన్నేసార్లు చూపించినప్పుడు నేను వాడే చిట్కా లెక్క ఇది. రెండింటి ఆర్డర్లూ కూడి దాని వర్గమూలం తీసుకోవాలి. రెండింటి మధ్య తేడా ఆ వర్గమూలానికి రెండింతలు దాటితేనే నమ్మాలి. ఇక్కడ మొత్తం 30, వర్గమూలం సుమారు 5.5, రెండింతలు 11. తేడా 12. గీత దాటింది, కానీ బొటాబొటీగా. నాణెం 30 సార్లు ఎగరేస్తే 21కి 9 గానీ అంతకంటే పెద్ద తేడా గానీ వచ్చే అవకాశం నూటికి నాలుగు. నమ్మొచ్చు, ప్రాణం పెట్టొద్దు. దీనికి ముందు ఒక టెస్టులో 7కి 4 వచ్చాయని ‘గెలిచిన’ బొమ్మకు నెలంతా డబ్బు పోశాను. ఇదే లెక్క వేస్తే అక్కడ తేడా 3, కావలసింది దాదాపు 6.6. అది అసలు ఫలితమే కాదు.

దీన్ని టెస్టు అని పిలవాలంటే ఒక షరతు ఉంది. రెండు బొమ్మల్నీ ఒకే బడ్జెట్ పంచుకునే ఒకే యాడ్ సెట్‌లో పడేస్తే అది టెస్టు కాదు. ఫేస్‌బుక్ నడిపే మెటా సిస్టమ్ కొద్దిసేపట్లోనే ఒకదాని వైపు మొగ్గి, డబ్బంతా దానికే మళ్ళిస్తుంది. రెండోది ఓడిపోలేదు, ఎవరికీ కనబడలేదంతే. యాడ్స్ మేనేజర్‌లో ఎ/బి టెస్ట్ అని విడిగా ఉంటుంది. అది జనాన్ని రెండు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపుకు ఒక బొమ్మే చూపిస్తుంది. ఈ సంగతి తెలియక ఒక ఏజెన్సీ మాకు మూడు నెలలపాటు ‘టెస్టు ఫలితాలు’ పంపింది. ఆ ఫైళ్ళు ఇప్పటికీ ఉంచుకున్నాను, నవ్వుకోవడానికి.

ఇక మార్కులు ఎవరు వేయాలి? బొమ్మ చేసినవాడు వేయకూడదు. నాకది తెలియడానికి కొంత కాలం పట్టింది. ఆఫర్ మార్కుకు నేను చేసేది ఇది. బొమ్మను ఫోన్‌లో 5 సెకన్లు చూపించి, ఫోన్ బోర్లా పెట్టి మూడు అడుగుతాను: ఏం అమ్ముతున్నారు, ఎంతకి, కావాలంటే ఏం చేయాలి. అయిదుగురిని అడిగి, మూడూ చెప్పినవాళ్ళు ఎందరో అదే మార్కు. ఈ అయిదుగురూ మా సరుకు ఎప్పుడూ కొననివాళ్ళు అయ్యుండాలి. తెలిసినవాళ్ళయితే బొమ్మలో లేనిది కూడా తలలోంచి పూరించి చెప్పేస్తారు. గుర్తింపు మార్కుకు సరిగ్గా తలకిందులు: కనీసం ఒక్కసారైనా కొన్నవాళ్ళు కావాలి. లోగో మీద బొటనవేలు పెట్టి, ఎవరిదని అడుగుతాను.

చూపు మార్కు మాత్రం ఇంట్లో వేయడం కష్టం. ఎవరికైనా బొమ్మ ఎదురుగా పెట్టి ‘ఎలా ఉంది?’ అంటే అప్పటికే చూపు ఆగిపోయినట్టే కదా. అందుకని నా సొంత ఫీడ్ స్క్రీన్‌షాట్ల మధ్య మా బొమ్మను ఇరికించి, వరసగా పది పన్నెండు చిత్రాలు చేసి, ఫోన్ చేతికిచ్చి మామూలుగా స్క్రోల్ చేయమంటాను. తర్వాత ఏమేం గుర్తున్నాయో అడుగుతాను. మొదట్లో ఇది లాప్‌టాప్‌లో పెద్ద తెర మీద చేసి దెబ్బతిన్నాను. అక్కడ అన్నీ బాగానే కనబడతాయి.

ఫోన్ సైజుకు వచ్చేసరికి మన లిపి సంగతి తేలుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన సైజు తెలుగుకు సరిపోదు. సన్నటి ఫాంట్‌లో ‘అమ్మచేతి రుచి’ అని రాస్తే మకారం కింద వత్తు చిన్న మరకలా మిగిలింది. వరసల మధ్య ఎడం తక్కువ పెడితే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. ఇప్పుడు బొమ్మ మీద మూడు నాలుగు మాటలు మించనివ్వను, వత్తులు తక్కువున్న మాట ఏరుకుంటాను. ఫేస్‌బుక్‌కు 2020 దాకా బొమ్మలో అక్షరాలు 20 శాతం మించితే నచ్చేది కాదు. ఆ ఆంక్ష తీసేశారు, కానీ తెలుగుకు నేను ఇంట్లో ఆ నియమం కొనసాగిస్తున్నాను. స్టోరీలకు ఇంకో జాగ్రత్త ఉంది. నిలువు బొమ్మలో పైన 14 శాతం, కింద 20 శాతం ఖాళీ వదలాలి. లేకపోతే ఖాతా పేరో బటనో మన అక్షరాల మీద పడుతుంది. ఒకసారి 999 అన్న అంకె సరిగ్గా ‘ఆర్డర్ చేయండి’ బటన్ వెనక దాక్కుంది. అయిదుగురికీ చూపించి 5 మార్కులు వేసుకున్న బొమ్మ అది. ఎందుకంటే వాళ్ళకు చూపించింది ఉత్త బొమ్మ, బటన్ ఉన్న స్టోరీ కాదు.

గుర్తింపు మార్కు గురించి నా అభిప్రాయం మధ్యలో మారింది. మా జాడీల మూతల మీద ఎర్ర గళ్ళ గుడ్డ కట్టి ఉంటుంది. జనానికి గుర్తుండేది అదే, లోగో కాదు. కానీ ఏడు రోజుల టెస్టులో ఆ గుడ్డ ఉంటే ఆర్డర్లు పెరిగాయని గానీ లేకపోతే తగ్గాయని గానీ నాకెప్పుడూ తేలలేదు. తేలదు కూడా. మళ్ళీ కొనేవాడు ఆరు నెలల తర్వాత ఆ గుడ్డ చూసి గుర్తుపట్టి ఆగడం వారం లెక్కలో దొరకదు. అందుకే దీనికి మార్కు తీసేసి అవును/కాదు చేశాను. అయిదుగురిలో ముగ్గురు మావేనని చెబితే పాస్. మరీ బిగించినా చిక్కే. ఒక దసరాకు చేసిన నాలుగు బొమ్మలూ అన్నీ పసుపు, అన్నీ జాడీలు, ఒక్క తల్లి పిల్లల్లా వచ్చాయి. వాటిని ఒకదానితో ఒకటి పోటీ పెడితే ఏం తేలుతుంది? 14,000 రూపాయలు పోయాయి, తేడా ఏమీ రాలేదు.

ఇప్పటికి 26 టెస్టులు చేశాను. అందులో నమ్మదగ్గ తేడా తేలినవి 9. ఆ తొమ్మిదిలో నా మార్కులు ఎక్కువ వచ్చిన బొమ్మ గెలిచింది 5 సార్లు. అంటే గెలుపు ముందే చెప్పడంలో ఈ పద్ధతి నాణెం ఎగరేయడం కంటే పెద్దగా మెరుగు కాదు. చెత్త బొమ్మ మీద డబ్బు పోకుండా ఆపడంలో మాత్రం బాగా పనిచేస్తుంది. ఇంకో ఉపయోగం కూడా ఉంది, అది నేను ఊహించలేదు. రెండు బొమ్మల మార్కులు పక్కపక్కన రాసుకుంటే, వాటి మధ్య తేడా ఎక్కడుందో కనబడుతుంది. చూపు దగ్గర తేడా, మిగతావి సమానం అయితే ఆ టెస్టుకు అర్థం ఉంది. మూడింటా తేడా ఉంటే ఎవరు గెలిచినా ఎందుకు గెలిచారో చెప్పలేం. నా మొదటి ఊదా, పసుపు టెస్టే అందుకు ఉదాహరణ. ధర వల్ల గెలిచిందా, రంగు వల్లా?

ఆ సందేహం తీర్చుకోవడానికి ఈ ఏడాది ఆవకాయల కాలంలో ఊదా బొమ్మనే మళ్ళీ తీశాను. ఈసారి ఒకటి అచ్చంగా పాతదే, ఇంకోదానికి 999 అంకె జోడించాను, అంతే తేడా. అంకె ఉన్నదానికి 24 ఆర్డర్లు, లేనిదానికి 10. తేడా 14, కావలసింది 11.7. క్లిక్కులు మాత్రం అంకె లేనిదానికే ఎక్కువ. పిన్ని ఊదా రంగుకు ఇంకా ఒప్పుకోవడం లేదు. కనీసం గళ్ళ గుడ్డైనా మూలన కనబడాలంటోంది. వచ్చే వారం గుడ్డతో ఫొటో తీస్తున్నాం.