మూడు తాళ్లు, ఒక రింగు: ఫలితబలం కనుక్కోవడానికి ఏ పద్ధతి మేలు?

ఒక ఇనుప రింగుకు మూడు తాళ్లు కట్టి, ఒకే తలంలో మూడు వైపులకు లాగుతున్నారనుకుందాం. మొదటిది నేరుగా కుడివైపుకు 50 న్యూటన్లతో, రెండోది ఆ దిశకు 60 డిగ్రీల కోణంలో పైకి 40 న్యూటన్లతో, మూడోది 150 డిగ్రీల కోణంలో, అంటే ఎడమవైపు పైకి, 30 న్యూటన్లతో లాగుతున్నాయి.

కొలత ప్రకారం గీసి చూడటం ఒక దారి. 10 న్యూటన్లకు ఒక సెంటీమీటరు చొప్పున బాణాలను ఒకదాని కొన నుంచి మరొకటి మొదలయ్యేలా గీసి, మొదటి తోకను చివరి కొనతో కలిపితే 6.6 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. ఈ కొలతలో పెన్సిల్ గీత అర మిల్లీమీటరు జరిగినా అర న్యూటన్ తేడా వస్తుంది.

సమాంతర చతుర్భుజ నియమం రెండు బలాలకైతే చక్కగా సరిపోతుంది. మొదటి రెంటికీ ఫలితం 78.10 న్యూటన్లు, కోణం 26.33 డిగ్రీలు. అయితే మూడో బలాన్ని కలపాలంటే వాటి మధ్య కోణం 123.67 డిగ్రీలని మళ్లీ లెక్కగట్టి, సూత్రాన్ని మొదటినుంచీ వాడాలి. నాలుగో తాడు వస్తే ఇంకో విడత తప్పదు.

అంశాలుగా విడదీస్తే ఈ గొలుసు ఉండదు. ప్రతి బలానికీ కొసైన్‌తో క్షితిజ సమాంతర అంశం, సైన్‌తో నిలువు అంశం తీసి విడివిడిగా కూడితే చాలు.

```
Fx = 50 + 20 - 25.98 = 44.02
Fy = 0 + 34.64 + 15 = 49.64
```

వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే ఫలితం 66.35 న్యూటన్లు, కోణం 48.4 డిగ్రీలు. నాలుగో తాడు కట్టినా ఒక్కో వరుసలో ఒక్కో అంకె చేరుతుందంతే.

ఈ పద్ధతిలో దెబ్బతినేది ఎక్కువగా గుర్తుల దగ్గరే. మూడో బలానికి రుణ గుర్తు మరిచిపోతే Fx 95.98 అవుతుంది, మొదటి రెండు తాళ్లూ కలిసి కుడివైపుకు లాగేదే 70 న్యూటన్లు కాబట్టి, ఎడమకు లాగే తాడు దాన్ని పెంచిందంటే తప్పు జరిగినట్టే. కోణం నిలువు గీత నుంచి ఇచ్చినప్పుడు సైన్, కొసైన్ తారుమారవుతాయన్నది మరో చిక్కు. ఇంకొకటి కాలిక్యులేటర్‌తో వచ్చేది: మూడో తాడు బలం 90 న్యూటన్లయితే Fx -7.94, Fy 79.64 అవుతాయి, కాలిక్యులేటర్ కోణాన్ని -84.3 డిగ్రీలని చూపిస్తుంది. Fx రుణం కాబట్టి దానికి 180 కలిపి 95.7 డిగ్రీలుగా తీసుకోవాలి.

అందుకే మూడు, అంతకు మించిన బలాలకు లెక్క అంశాలతోనే చేయాలని నా అభిప్రాయం. కాకపోతే పక్కన చేత్తో ఒక చిత్తుబొమ్మ గీసుకుంటే పై పొరపాట్లు మూడూ అక్కడే కంటబడతాయి. తాళ్లన్నీ రింగు దగ్గరే కలుస్తున్నాయి గనుక ఇక్కడ ఇంతతో సరిపోయింది. పొడవాటి దూలం మీద వేర్వేరు చోట్ల బలాలు పనిచేస్తుంటే, ఈ కూడికలు ఫలితబలం పరిమాణాన్నీ దిశనూ చెబుతాయి గానీ అది ఏ రేఖ వెంట పనిచేస్తుందో చెప్పలేవు. దానికి బలభ్రామకాలను విడిగా లెక్కించాలి.